వారం ఆగిన కవితను ఏమడగాలి?

ఉర్దూ కవుల్లో ‘ఇస్లాహ్’ అనే పాత పద్ధతి ఉంది. శిష్యుడు తన గజల్‌ను ఉస్తాద్‌కు చూపిస్తాడు. ఉస్తాద్ దాన్ని తిరగరాయడు. ఎక్కడో ఒక మాట మారుస్తాడు, నిలవని షేర్‌ను కొట్టేస్తాడు. నిజాం ఆస్థానంలో ఉండి 1905లో హైదరాబాద్‌లోనే కన్నుమూసిన దాగ్ దెహ్లవీ ఈ పనిని ఉత్తరాల ద్వారా కూడా చేసేవారు. యువకుడిగా ఉన్నప్పుడు ఇక్బాల్ పంజాబ్ నుంచి తన గజళ్లను ఆయనకు పోస్టులోనే పంపారు. ఆ ఉర్దూ లోకాన్ని తెలుగు పాఠకుల ముందు పరిచినవారు అప్పటి ఆదిలాబాద్ జిల్లా తెనుగుపల్లెలో పుట్టిన సామల సదాశివ.

ఇవాళ కరీంనగర్‌లో వచన కవిత రాసే యువకుడికి అలాంటి ఉస్తాద్ దొరకడం కష్టం. రాసింది ఓ వారం పక్కన పెడితే ఆ లోటు కొంత తీరుతుంది. రాసిన మర్నాడు చదివితే కాగితం మీద లేనిది కూడా వినిపిస్తుంది, ఎందుకంటే మనసులోని దృశ్యం ఖాళీలను నింపేస్తుంది. వారం గడిచాక ఆ సాయం తగ్గి, ఉన్న మాటలే మిగులుతాయి. అప్పుడే ప్రశ్నలు అడగాలి.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు చాలా ఇళ్లలో కనిపించే బీడీల పని మీద ఒక ముసాయిదా అనుకుందాం:

లోకం నిద్రలో మునిగిన వేళ
బతుకు భారాన్ని మోసే అమ్మ
వెన్నెల లాంటి చిరునవ్వుతో
చాట ముందేసుకుని కూర్చుంటుంది
వేళ్లకు అంటిన తంబాకు
నా అన్నం ముద్దలో ఘాటవుతుంది
కత్తెర ఆడినకొద్దీ ఆకు తగ్గుతుంది
ఓ శ్రమజీవీ, నీ కష్టానికి విలువ కట్టేదెవరు?

మొదటి ప్రశ్న: కవిత నిజంగా ఎక్కడ మొదలైంది? పై మూడు పాదాలను అరచేత్తో మూసి చదివితే తెలుస్తుంది. నాలుగో పాదంలో చాట కనిపించేదాకా ఇది ఏ అమ్మ గురించైనా కావచ్చు. ‘బతుకు భారం’, ‘వెన్నెల లాంటి చిరునవ్వు’ కవి చూసినవి కావు, ఎక్కడో చదివి గుర్తున్నవి. మూడు పాదాలూ పోతాయి.

రెండోది: చెప్పిన పని ఇలాగే జరుగుతుందా? ఇది చాలామంది అడగని ప్రశ్న, కానీ కవితను ఎక్కువగా మార్చేది ఇదే. బీడీలు చుట్టే మనిషి చాటను ఒళ్లో పెట్టుకుంటుంది. నానబెట్టిన తునికాకును ముందు కత్తిరించి, తర్వాత తంబాకు వేసి చుట్టి దారం కడుతుంది. కాబట్టి కత్తెర ముందు రావాలి, తంబాకు తర్వాత. ముసాయిదాలో ఈ క్రమం తలకిందులైంది. సరిచేస్తే కవితకు అదనంగా ఒక లాభం కూడా ఉంది. చేతి పని వరసగా నడిచి చివరికి పిల్లవాడి అన్నం ముద్ద దగ్గర ఆగుతుంది.

మూడోది చివరి పాదానికి. ఆ ప్రశ్నకు జవాబు ఉందా? ఉంది. బీడీలకు కూలి వెయ్యికి ఇంత అని లెక్కగడతారు, బాగాలేవని తీసేసినవాటికి డబ్బు రాదు. విలువ కట్టేవాళ్లు రోజూ కడుతూనే ఉన్నారు. అది తెలియనట్టు అడిగితే కవిత అబద్ధమాడినట్టే. పాదం తీసేసి ఆ లెక్కను శీర్షికకు అప్పగించవచ్చు.

వెయ్యి

ఒళ్లె చాట
కత్తెర ఆడినకొద్దీ ఆకు తగ్గుతది
అమ్మ వేళ్లకంటిన తంబాకు
నా అన్నం ముద్దల ఘాటు

ఎనిమిది పాదాలు నాలుగయ్యాయి. జగిత్యాలలో పుట్టిన అలిశెట్టి ప్రభాకర్ (1954–1993) గుర్తుకురావడం సహజం. ఫొటోగ్రాఫర్‌గా బతికిన ఆయన ఆంధ్రజ్యోతిలో ‘సిటీ లైఫ్’ పేరుతో చిన్న కవితలు రాశారు. అయితే పొట్టిగా చేయడమే గురి అనుకుంటే దెబ్బతింటాం. పై కవితలో ‘అమ్మ’ను కూడా తీసేస్తే ఇంకో మాట తగ్గుతుంది, కానీ ఆ వేళ్లు ఎవరివో తెలియకుండా పోతుంది. కొట్టేసిన ప్రతి మాటనూ ఒకసారి వెనక్కి పెట్టి చదవాలి. అది లేనప్పుడు అర్థం చెడితే ఉంచాల్సిందే.

ఇక మిగిలేది నుడి ప్రశ్న: ఈ గొంతు ఎవరిది? ‘తగ్గుతుంది’ని ‘తగ్గుతది’ చేశాక ‘ముద్దలో’ అని ఉంచితే ఇద్దరు మాట్లాడినట్టుంటుంది. అందుకే ‘ముద్దల’, ‘ఒళ్లె’. కానీ ఇదే కవితను ఊరు విడిచి చదువుకున్న కొడుకు చెబుతున్నట్టు రాయాలనుకుంటే పుస్తక భాషే సరైనది కావచ్చు. దీనికి వారం గడువు జవాబివ్వదు. పైకి చదివి, అలాంటి ఇంట్లో పెరిగిన ఒకరిచేత కూడా చదివించి, వాళ్ల నాలుక ఎక్కడ ఆగుతుందో చూసి తేల్చుకోవాలి.