తమిళ లిపిలో సరళాలు లేవెందుకు?

బడిలో సరళాదేశ సంధి చదువుకున్నవాళ్లకు తమిళ లిపి గుట్టు సగం తెలిసినట్టే. ద్రుతం మీది పరుషాలు సరళాలవుతాయని మన సూత్రం. పూచెన్, కలువలు కలిస్తే పూచెఁగలువలు. న్ పక్కన పడ్డ క నోట్లో గ అయింది, మనం గ అనే రాశాం. తమిళంలో ఈ మార్పు ఇంకా ఎక్కువ చోట్ల జరుగుతుంది. అయితే వాళ్లు రాత జోలికి వెళ్లరు. క అని రాసి, గ అని చదువుకుంటారు.

లెక్క ఇలా ఉంటుంది. మాట మొదట్లో వస్తే క. ఒత్తుతో వస్తే కూడా కయే. అనునాసికం తర్వాత వస్తే గ. రెండు అచ్చుల నడుమ పడినా గయే, ఒక్కోసారి హ లాగా మెత్తబడుతుంది కూడా. కాబట్టి బంగారాన్ని ‘తంకం’ అని రాసి తంగం అంటారు, కొడుకును ‘మకన్’ అని రాసి మగన్ అంటారు. ట, త, పలదీ ఇదే దారి. ఏది పలకాలో అక్షరం ఉన్న చోటే చెప్పేస్తుంది కనుక, క తీసి గ పెడితే అర్థం మారిపోయే జంటలు అచ్చ తమిళంలో ఏర్పడలేదు. మనకలా కుదరదు. కాలి వేరు, గాలి వేరు.

అక్షరాలు దొరక్క వదిలేశారనుకుంటే పొరపాటు. బ్రాహ్మి లిపిలో గ, ద, బలు ఉన్నాయి. తమిళనాడు కొండగుహల్లో శాసనాలు చెక్కినవాళ్లు తమ మాటలకు పనికిరాని ఆ అక్షరాలను పక్కనబెట్టి, బ్రాహ్మిలో లేని ఱ, ఴ లాంటి తమ ధ్వనులకు కొత్త గుర్తులు కల్పించుకున్నారు. లోపమని మనం వెక్కిరించే ఆ లిపి నిజానికి ఒంటికి కొలత తీసి కుట్టించుకున్న చొక్కా. పేచీ అంతా ఆ చొక్కా పరాయివాడికి తొడిగినప్పుడే.

అన్నిసార్లూ బిగుతవుతుందనీ కాదు. 1706లో తరంగంబాడిలో దిగిన జర్మన్ మతబోధకుడు సీగన్‌బాల్గ్ పేరు తమిళంలో ‘చీకన్పాల్కు’. మన కంటికి వింతగా ఉంటుంది గానీ, తమిళుల పద్ధతిలో చదివి చూడండి. మొదటి చ వాడుకలో స అవుతుంది. అచ్చుల నడుమ క గ అవుతుంది, న్ తర్వాతి ప బ అవుతుంది. తమిళ మాట పరుషంతో పొల్లుగా ముగియదు కాబట్టి చివర ఒక ఉకారం చేరింది. మొత్తానికి సీగన్‌బాల్గు! సరళాలు తగిన చోట పడ్డాయి, నియమమే వాటిని పలికించింది.

ట్రంప్‌కు ఆ అదృష్టం లేదు. మ్ పక్కన ప పడేసరికి, నియమం ప్రకారం చదివితే ఆయన ట్రంబ్. పుటిన్ పేరులో ట అచ్చుల మధ్య చిక్కి పుడిన్ అవుతుంది. ఇలాంటిచోట కొంత విరుగుడు ఉంది. అక్షరానికి ఒత్తిస్తే పరుషం నిలుస్తుంది, పికాసోను ‘పిక్కాసో’ అని రాసేది అందుకే. మాట మొదట్లో వచ్చే సరళానికి మాత్రం మందే లేదు. గాంధీని ‘కాన్తి’ అని రాస్తారు. న్ వల్ల చివరి అక్షరం ది అవుతుంది, మొదటిది గా అని పాఠకుడికి ముందే తెలిసుండాలి. బెర్లిన్ ‘పెర్లిన్’, బుష్ ‘పుష్’. ఎరిగినవాడు సరిగ్గానే చదువుతాడు, ఎరగనివాడికి ఆధారం లేదు. గ్రంథ లిపి నుంచి జ, ష, స, హ, క్షలను తెచ్చుకున్నారు గానీ గ, డ, ద, బలను తెచ్చుకోలేదు. జపాన్‌కు లేని చిక్కు బెర్లిన్‌కు వచ్చింది అందువల్లే.

దీనితో మనకూ ఒక లావాదేవీ ఉంది. త్యాగరాజ కీర్తనలు తెలుగువి. వాటిని తమిళ లిపిలో చూసి పాడేవాళ్లు ఎందరో. ‘జగదానందకారక’ను మామూలు తమిళ అక్షరాల్లో ‘జకతానన్తకారక’ అని రాసి, ఒకే మాటగా నియమం ప్రకారం చదివితే జగదానంద వరకు తప్పు లేదు. ఆ తర్వాతే తంటా. కారక కాస్తా గారగ అవుతుంది. అందుకే సంగీత పుస్తకాల్లో, స్తోత్రాల పుస్తకాల్లో అక్షరం నెత్తిన చిన్న అంకె వేస్తారు. ఉత్త క అంటే క, క² అంటే ఖ, క³ అంటే గ, క⁴ అంటే ఘ. పైమాట ‘జక³తా³నన్త³కారక’ అవుతుంది. అంకె లేని చోట నియమం మర్చిపోయి పరుషమే పలకాలి. పుస్తకం చూసి తిరగరాసుకునేటప్పుడు బరువనుకొని ఈ అంకెలు వదిలేసేవాళ్లుంటారు. అప్పుడు భావం, పావం ఒకటైపోతాయి. తమిళంలో పావమంటే పాపం.

ఈ కథకు కంప్యూటర్లోనూ జాడ ఉంది. యూనికోడ్‌లో ప్రధాన భారతీయ లిపులను ఒకే వరసలో పేర్చారు. తెలుగు క `U+0C15` దగ్గర మొదలై ఖ, గ, ఘ, ఙ వరసగా వస్తాయి. తమిళ క `U+0B95`, ఙ `U+0B99`. నడుమ మూడు స్థానాలు ఇప్పటికీ ఖాళీ.