ఆగిన సెటిల్మెంట్‌కు ఉత్తరం

పేమెంట్ గేట్‌వే డాష్‌బోర్డులో `Settlement on hold` అని కనబడగానే చిన్న వ్యాపారులు పంపే మొదటి మెయిల్లో కూలీల బకాయిలు, పిల్లల ఫీజులు, రైతుకిచ్చిన మాట ఉంటాయి. అన్నీ నిజాలే. అయితే ఆ మెయిల్ చేరేది రిస్క్ విభాగంలో కూర్చున్న ఒక ఉద్యోగికి. డబ్బు కట్టినవాళ్ళకు సరుకు అందిందా, ఈ ఖాతా చెప్పుకున్న వ్యాపారమే చేస్తోందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే గానీ ఆ ఉద్యోగి ఫైలు కదపలేడు. కష్టం గురించి ఒక వాక్యం చాలు. మిగతా ఉత్తరమంతా ఆ రెండు ప్రశ్నలకే రాయాలని వ్యాపారుల కోసం ఇలాంటి ఉత్తరాలు రాస్తూ వచ్చిన నా అభిప్రాయం.

నూజివీడు దగ్గర మామిడి అమ్మే ఒకామె సంగతి చెబుతాను. తోటల కాపు గుత్తకు తీసుకుని, చిన్న రసాలు, బంగినపల్లి అయిదు కిలోల పెట్టెల్లో సర్ది, సొంత వెబ్‌సైటులో పెట్టె 900 రూపాయలకు అమ్ముతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ ఖాతాలో కదలికే ఉండదు. మే నెలలో ఒక్కసారిగా 214 ఆర్డర్లు వచ్చాయి. 1,92,600 రూపాయలు ఆగిపోయాయి. "అన్నా, మా డబ్బు వాళ్ళు వాడేసుకుంటున్నారా?" అని అడిగింది. ఆ భయం ముందు తీరాలి. రిజర్వ్ బ్యాంకు 2020 మార్చిలో ఇచ్చిన మార్గదర్శకాల నుంచీ, వ్యాపారుల తరఫున డబ్బు వసూలు చేసే బ్యాంకేతర సంస్థలు ఆ సొమ్మును షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులో ఎస్క్రో ఖాతాలోనే ఉంచాలి. అది వాళ్ళ జీతాలకూ అద్దెలకూ వాడుకునే డబ్బు కాదు.

మరి ఎందుకు ఆపారు? నెలల తరబడి నిద్రపోయిన ఖాతాలో వారంలో లక్షలు పడితే, మోసగాడి ఖాతా కూడా సరిగ్గా అలాగే కనిపిస్తుంది. ముందు డబ్బు వసూలు చేసి సరుకు పంపకుండా మాయమైతే కొన్నవాళ్ళు తమ బ్యాంకుల్లో చార్జ్‌బ్యాక్ వేస్తారు. అప్పటికి వ్యాపారి ఖాతా ఖాళీ అయితే ఆ భారం గేట్‌వే మీద పడుతుంది. దీనికి తోడు ఆమె సైటు పేరు ఒకటి, బ్యాంకు ఖాతాలో ఉన్నది ఆమె సొంత పేరు. అందుకే ఉత్తరం ఈ రెండు విషయాలనూ వాళ్ళు అడగకముందే చెప్పేసింది. మామిడి వేసవి పంట కాబట్టి ఏడాది అమ్మకమంతా రెండు మూడు నెలల్లోనే జరుగుతుందని ఒక వాక్యం. దానికి రుజువుగా కిందటి వేసవి బ్యాంకు స్టేట్‌మెంటు. పేర్ల తేడాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పత్రాలు సరిపోయాయి, ఎందుకంటే వాటిలో వ్యాపారం పేరూ యజమాని పేరూ ఉంటాయి. వాటికి పాన్, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేశాం.

గేట్‌వే పంపిన జాబితాలో జీఎస్టీ సర్టిఫికెట్ కూడా ఉంది. ఆమెకు అది లేదు. చాలామంది ఇక్కడే ఆ వరసను ఖాళీగా వదిలేసి మిగతావి పంపుతారు. ఖాళీ కనబడితే ఫైలు అసంపూర్తి అని పక్కన పడుతుంది, మళ్ళీ అదే జాబితా తిరిగొస్తుంది. తాజా మామిడి పండుకు జీఎస్టీ లేదు. పన్ను మినహాయింపు ఉన్న సరుకు మాత్రమే అమ్మేవారు సీజీఎస్టీ చట్టం 23వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేసుకోనక్కర్లేదు. ఆ మాట రాసి, ఆమె సంతకంతో ఒక డిక్లరేషన్ పెట్టి, ఆ వరసలో దాని పేరే వేశాం. ఆమె ఊరగాయ కూడా అమ్ముతూ ఉంటే ఇలా రాయడం కుదరదు, దానికి పన్ను ఉంది. సరుకు ఎక్కడిదో చూపడానికి కాపు గుత్త ఒప్పందం, రైతులకు కట్టిన సొమ్ము కనబడే స్టేట్‌మెంటు పేజీలు పంపాం.

ఇంత చేసినా అసలు బలం ఆర్డర్ల పట్టికదే. పార్సిల్ రసీదుల ఫొటోలు ఒక్కొక్కటిగా అటాచ్ చేస్తే వాటిని చెల్లింపులతో సరిచూసే ఓపిక ఎవరికీ ఉండదు. డాష్‌బోర్డు నుంచి చెల్లింపుల ఫైలు దించుకుని పక్కన రెండు గడులు చేర్చాలి. పట్టిక మొదటి వరస ఇలా ఉంటుంది:

```
payment_id,order_id,amount,delivery_status,proof_file
```

రసీదు ఫైలుకు ఆర్డర్ నంబరే పేరు పెడితే ఎవరైనా యాదృచ్ఛికంగా అయిదు ఆర్డర్లు ఎంచుకుని నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. ఈమె పట్టికలో 171 పెట్టెలు అందాయి, వాటి విలువ 1,53,900. దారిలో 31, విలువ 27,900. ఇంకా పంపనివి 12, విలువ 10,800. పంపనివి దాచకుండా చూపించమన్నాను. ఆమె కాస్త జంకింది. కానీ మొత్తం 214 అని వాళ్ళ దగ్గర లెక్క ఉంది. మన లెక్క అక్కడికి కలవకపోతే మిగతా కాగితాల మీదా నమ్మకం పోతుంది.

ఇక గడువు. "ఎప్పుడు విడుదల చేస్తారు?" అన్న ప్రశ్నకు "పరిశీలనలో ఉంది" అన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అదే ప్రశ్నను అలా తప్పించుకోలేని ముక్కలుగా అడగాలి. మేం పంపిన పత్రాలతో ఫైలు పూర్తయిందా, లేకపోతే ఏ కాగితం తక్కువ? పూర్తయితే నిర్ణయం ఏ తేదీలోగా వస్తుంది? అందిన 171 ఆర్డర్ల సొమ్మును ముందు విడుదల చేయగలరా? ఇకమీదట వచ్చే చెల్లింపులూ ఆగుతాయా? నాలుగో ప్రశ్న మరవకూడదు, కొత్త ఆర్డర్లు తీసుకోవాలా ఆపాలా అన్నది దాని మీదే తేలుతుంది. ఒప్పందంలో ఏ క్లాజు కింద ఆపారో, అందులో గరిష్ఠ గడువు ఉందో చూసి ఆ క్లాజు నంబరు రాయాలి. మర్చంట్ ఐడీ, టికెట్ నంబరు సబ్జెక్టులోనే ఉండాలి. అన్నీ ఒకే టికెట్ కింద పంపాలి. రోజుకో కొత్త టికెట్ తెరిస్తే ఫైలు చేతులు మారి మొదటికొస్తుంది.

డబ్బు ఆగిందని సరుకు పంపడం మాత్రం ఆపకూడదు. ఆమెకు ఇదే అన్నిటికన్నా బరువైంది, కొత్త పెట్టెలకు పెట్టుబడి అప్పు తేవాల్సి వచ్చింది. అయినా పంపమనే గట్టిగా చెప్పాను. పెట్టె అందకపోతే చార్జ్‌బ్యాక్ వస్తుంది, అది వస్తే ఆపడానికి వాళ్ళకు నిజమైన కారణం దొరుకుతుంది. పంపలేని ఆర్డర్లుంటే వాటికి మనమే రిఫండ్ ఇచ్చి పట్టికలో చూపాలి.

చెప్పిన తేదీ దాటితే రెండో ఉత్తరం గేట్‌వే వెబ్‌సైటులో పేరున్న గ్రీవెన్స్ అధికారికో నోడల్ అధికారికో వెళ్ళాలి. కొత్త కథ అక్కర్లేదు. మొదటి ఉత్తరం తేదీ, వాళ్ళిచ్చిన మాట, దాటిన గడువు, అవే ప్రశ్నలు చాలు. సొమ్మును ఆపింది గేట్‌వే సొంత పరిశీలన కాకుండా పోలీసుల సైబర్ ఫిర్యాదైతే ఈ ఉత్తరం పనిచేయదు. అప్పుడు నోటీసు నంబరు, ఏ స్టేషను, ఎంత మొత్తానికి అని మాత్రమే అడిగి, ఆ స్టేషనుకు రాసుకోవాలి.

నూజివీడు ఆమెకు అందిన ఆర్డర్ల సొమ్ము ముందు వచ్చింది, మిగిలింది రసీదులు చేరాక వచ్చింది. ఇప్పుడు ఆమె ఏటా మార్చిలోనే గేట్‌వేకు ఒక మెయిల్ పెడుతుంది: ఈ వేసవి సుమారు ఎన్ని పెట్టెలు, ఏ ధర, ఏ తేదీ నుంచి, ఎవరి ద్వారా రవాణా. కింద గుత్త ఒప్పందం జతచేస్తుంది.