కనుమ నుంచి వెనక్కి లెక్క

ఉప్పాడలో సంక్రాంతి పనులు భోగి మంటతో మొదలుకావు. అప్పటికి రెండు వారాలుగా ఇంట్లో ఆ పనే నడుస్తూ ఉంటుంది. బయటివాళ్ళకు హడావుడిగా కనబడుతుంది గానీ, పండగ చేయడం తెలిసిన ఆడవాళ్ళు కనుమ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ వస్తారు. ఎక్కువ రోజులు పట్టే పనీ, ఎక్కువ రోజులు నిలవుండే వంటా ముందు. ఒక్క పూటలో పాడయ్యేవి చివర. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే పద్నాలుగు రోజులూ వాటంతటవే సర్దుకుంటాయి.

అన్నిటికన్నా ముందు పిలుపు. ఆడపిల్లలు, అల్లుళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవరెవరు వస్తున్నారో, ఎన్నాళ్ళుంటారో తెలియకపోతే బియ్యం కొలవలేం, బట్టలు కొనలేం. కొత్త అల్లుడైతే ఫోన్లో చెబితే సరిపోదు. వియ్యాలవారింటికి వెళ్ళి స్వయంగా పిలిచి రావాలి. అందుకే ఆ పని రెండు వారాల ముందే అయిపోవాలి. 'కనుమ నాడు కాకైనా కదలదు' అంటారు కాబట్టి, భోగికి వచ్చినవాళ్ళు ముక్కనుమ దాకా ఉంటారనే లెక్క వేసుకోవాలి. అంటే నాలుగు రోజులు.

పిలుపు వెనకే బట్టలు. కొనడానికి పిఠాపురం వెళ్ళినా కాకినాడ వెళ్ళినా ఒక్క పూట చాలు. తొందరంతా కుట్టుపని గురించి. పండగ వారం రోజుల్లో పడిందంటే దర్జీలు కొత్త జాకెట్లు తీసుకోరు. పెద్దల పేరున బట్టలు పెట్టే ఇళ్ళల్లో ఆ పంచె, చీర కూడా ఇప్పుడే తెచ్చి విడిగా దాస్తారు.

మగ్గం ఉన్న ఇంట్లో మొదటి తారీఖుని నిర్ణయించేది చీర. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన ఉప్పాడ జాందానీ ఇక్కడి పని. బుటా బుటాకీ విడిగా పేక పోగు తిప్పుతూ, ఒక్కో మగ్గం మీద ఇద్దరేసి కూర్చుని నేస్తారు. పని ఎక్కువున్న చీరకి నెలలు పడతాయి. కాబట్టి మగ్గం మీది చీర పండగలోపు దిగుతుందా లేదా అన్నది ముందే తేల్చుకోవాలి. చీర దిగితేనే కూలి చేతికొస్తుంది, బజారుకి వెళ్ళేదీ అప్పుడే. ఇంటికి సున్నం వేయడానికీ ఇదే అడ్డు. సున్నానికి క్షారగుణం, పట్టుకి క్షారం పడదు. పడుగు మీద సున్నపు నీళ్ళు చిందితే అక్కడ పోగు బలం తగ్గుతుంది. చీర దిగితే ఖాళీ మగ్గం గదికి తీరిగ్గా సున్నం వేసుకోవచ్చు. దిగకపోతే ఆ గదిలో సున్నం మాట ఎత్తకుండా, పడుగు మీద పాత దుప్పటి కప్పి బూజు మాత్రం దులుపుతారు.

ఇల్లు శుభ్రం చేసే పని భోగికి ముందు పన్నెండో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా. దీనికి ఒకటే గడువు: ఇంట్లోకి పిండి వచ్చేలోపు దుమ్ము బయటికి పోవాలి. అందుకని పైనుంచి కిందికి పని చేస్తారు. ముందు అటక దించి, దాని మీది గుండిగలూ జల్లెడలూ అరిసెల చెక్కలూ బయటపెట్టి, తర్వాత బూజుకర్రతో కప్పు, తర్వాత గోడలు, చివర నేల. సముద్రపు ఊళ్ళలో గోడకి ఉప్పుగాలి పడుతుంది. చెమ్మ చేరిన చోట పాత పూత ఉబ్బి పొరలుగా లేస్తుంది. దాన్ని గీకకుండా పైన కొత్త సున్నం కొడితే ఆ పొరతో పాటే ఊడి వస్తుంది. గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరాక పూయాలి. తడి మీద సున్నం పలచగా, గోడ కనబడేట్టు ఉంటుంది. తెలుపు ఆరాక తేలుతుంది. అది తెలియనివాళ్ళు మొదటి పూతే మందంగా దట్టించేస్తారు, నాలుగు రోజులకి చేత్తో తాకితే పొడి రాలుతుంది. పలచగా రెండు పూతలు, మధ్యన ఒక రోజు ఎండ ఇస్తే నిలుస్తుంది. ఈమధ్య చాలా ఇళ్ళకి డిస్టెంపరే వేస్తున్నారు గానీ గీకే పని మాత్రం దానికీ తప్పదు.

ఈ రోజుల్లోనే పిల్లలు చేయవలసిన పని ఒకటుంది, భోగి పిడకలు. ధనుర్మాసమంతా వాకిట్లో గొబ్బెమ్మలు పెడుతూనే ఉంటారు కాబట్టి పేడకి కరువుండదు. నడుమ వేలు పెట్టి చిల్లు చేసి, పలచగా తట్టి ఎండబెడతారు. పొద్దున్న మంచు పడుతుంది, ఎండ పొద్దెక్కాక గానీ కాయదు, అందుకని వారం దాకా పడుతుంది. లోపల తడి మిగిలిన పిడక చేతికి బరువుగా తగులుతుంది, మంటలో పొగ తప్ప రాదు. నాలుగు రోజుల ముందు మొదలుపెట్టిన దండ అలాగే తేలుతుంది.

ఏడో రోజుకి సరుకులు ఇంటికి వచ్చి ఉండాలి. ఇక్కడే లెక్క కావాలి. ఒక ఇంటిని తీసుకుందాం. ఇంట్లో అయిదుగురు, వచ్చేవాళ్ళు ఆరుగురు. మనిషికి రోజుకొక అరిసె చొప్పున పదకొండుమందికి నాలుగు రోజులకు 44. ఇరుగుపొరుగుకి పంచడానికి ఓ 40. వెళ్ళేటప్పుడు ఇద్దరాడపిల్లల డబ్బాల్లో చెరో 25. మొత్తం 134. కిలో బియ్యానికి మధ్యస్తంగా ఒత్తితే 40 దాకా వస్తాయనుకుంటే, మూడున్నర కిలోల బియ్యం నానబోయాలి. కిలోకి ముప్పావు కిలో బెల్లం చొప్పున రెండున్నర కిలోల పైన కావాలి, మూడు కిలోలు తెస్తారు. బెల్లం వడగట్టేటప్పుడు ఇసక పోతుంది, కొంత పొంగలికీ ఉండాలి. కనుమ నాటి కోడికి కూడా ఇప్పుడే చెప్పి ఉంచాలి. ఆ రోజు పొద్దున్న వెతికితే దొరికినా ధర వింటే గుండె గుభేలుమంటుంది.

ఆరో రోజు సున్నుండలు. మినుములు వేయించి, విసిరి, బెల్లం, నెయ్యి కలిపి ఉండలు కడతారు. ఇందులో నీటిచుక్క ఉండదు గనక రెండు మూడు వారాలు చెడవు, అందుకే వీటిది మొదటి వరుస. అదే సాయంత్రం అరిసెలకి బియ్యం నానబోస్తారు.

అరిసెల రోజు ఈ రెండు వారాలకీ నడిమి స్తంభం. బియ్యం ఓ రాత్రీ పగలూ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడకట్టి నీడన గుడ్డ మీద కాసేపే ఆరబోసి, తడి ఉండగానే మరకి పట్టుకెళ్ళాలి. పిండిని గుప్పిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. నిలవకపోతే ఆరిపోయినట్టే, అలాంటి పిండితో అరిసె నూనెలో పగులుతుంది. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి, పైన తడిగుడ్డ కప్పి ఉంచుతారు. పాకం అయ్యేలోపు దాని తడి పోకూడదు.

బెల్లం కొద్ది నీళ్ళతో కరిగించి, వడగట్టి, మళ్ళీ పొయ్యి మీద పెడతారు. ఇక ఆ పొయ్యి దగ్గర అనుభవమున్న మనిషి ఒకరు కూర్చోవాలి. పక్కన పళ్ళెంలో చన్నీళ్ళు. మరిగే పాకం చుక్క అందులో వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తారు.

"పిన్నిగారూ, వచ్చేసిందాండీ?"

"ఇంకా లేదమ్మా. నీళ్ళలో పరుచుకుపోతోంది చూడు. లేత."

నిమిషం తర్వాత మళ్ళీ చుక్క. ఈసారి వేళ్ళ కిందికి మెత్తటి ఉండ వస్తుంది, వదిలితే జారిపోకుండా నిలుస్తుంది. అరిసెకి కావలసింది అదే. ఇంకో రెండు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే ఉండ గట్టిపడి పళ్ళెం మీద టక్కుమంటుంది. ఆ పాకంతో చేసిన అరిసె మర్నాటికి రాయి. ఉండ కనబడగానే గిన్నె దించేసి నెయ్యి, ఏలకులపొడి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో ఆపకుండా కలుపుతారు. చలిమిడి జారుగా కాకుండా, పొడిగా కాకుండా చేతికి ముద్దగా వచ్చినప్పుడు పిండి ఆపాలి. కొలిచిన పిండంతా పడాలని లేదు. ఎంత తాగుతుందో పాకమే చెబుతుంది, అందుకే పిండి ఎప్పుడూ కాస్త ఎక్కువే పట్టిస్తారు.

మొదటి అరిసె పరీక్షకి. నూనెలో విచ్చిపోతే పాకం లేతది, లేదా పిండి చాలలేదు. దాచిన తడిపిండి కొంచెం కలిపి ఇంకోటి వేసి చూస్తారు. చలిమిడి గట్టిగా ఉండి ఒత్తుతుంటే అంచులు చీలితే, కాచిన పాలు కొద్దిగా చిలకరించి మెదుపుతారు. పాకం బాగా ముదిరిపోతే మాత్రం ఇవేవీ పనిచేయవు. సరిగా వచ్చిన అరిసె నూనెలో పూరీలా కాస్త పొంగి, ఎర్రబడి, తీసి చెక్కల మధ్య నొక్కితే నూనె వదిలి, మధ్యన మెత్తగా మిగులుతుంది. ఒక్కొక్కటీ విడిగా పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వెచ్చగా సర్దితే లోపలి ఆవిరికి బూజు పడుతుంది.

జంతికలూ చెక్కలూ మూడో రోజుకో రెండో రోజుకో పెట్టుకుంటారు. అరిసె మెత్తగా ఉన్నా రుచే, జంతిక కరకరలాడకపోతే పనికిరాదు. సముద్రం పక్కన గాలికి మూత తీసిన డబ్బాలో జంతికలు ఒక్క రోజులో మెత్తబడతాయి. అందుకే పెద్ద డబ్బా బిగించి ఉంచి, పిల్లల చేతికందేలా చిన్న డబ్బా ఒకటి విడిగా పెడతారు. చిన్నది ఖాళీ అయ్యాక గానీ పెద్దదాని మూత తీయరు.

ఇక భోగి ముందు రోజుకి మిగిలేవి ఆ పూటకాపూట కావలసినవి: భోగిపళ్ళకి రేగుపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూలు, చిల్లర. సెనగలు ఆ రాత్రి నానబోస్తే చాలు. సంక్రాంతి నాటి పొంగలి, బూరెలు, కనుమ గారెలు ముందు చేసి దాచేవి కావు. వాటికి మినప్పప్పు, పచ్చిసెనగపప్పు రోజుకి సరిపడా విడివిడి సంచుల్లో కట్టి ఉంచితే, అల్లుళ్ళు వచ్చాక వంటింట్లో వెతుకులాట ఉండదు.

ఇప్పుడు అన్నీ కొనుక్కోవచ్చు. సున్నుండలు, జంతికలు కిలోల లెక్కన దొరుకుతున్నాయి, ఇల్లు శుభ్రం చేయడానికి మనుషులు దొరుకుతున్నారు. కొనుక్కునేవాళ్ళని తప్పుపట్టను. మగ్గం మీద కూర్చున్నవాళ్ళకి పొయ్యి ముందు ఒక రోజంటే ఒక రోజు కూలి పోవడమే. కానీ ఒక్క అరిసెల రోజుని మాత్రం ఇంట్లోనే ఉంచుకోమని అడుగుతాను. ఒక్కరి వల్ల కాని వంట అది. ఒకరు పాకం చూడాలి, ఒకరు కలపాలి, ఒకరు ఒత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు నొక్కాలి. అందుకే వీధిలో నాలుగిళ్ళవాళ్ళు రోజు మార్చుకుని, ఇవాళ మా ఇంట్లో, రేపు మీ ఇంట్లో అని చేసుకుంటారు. ఉండపాకం ఏ క్షణాన వచ్చిందో ఏ కాగితమూ చెప్పలేదు. ఆ పళ్ళెంలో వేలు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఈ ఏడు పిన్నిగారి పక్కన కూర్చున్న కోడలికి వచ్చే ఏడు ఆ పీట ఇచ్చి చూడండి. కిలో బియ్యంతో మొదలుపెట్టనివ్వండి. పాకం చెడితే పోయేది ముప్పావు కిలో బెల్లమే.