చిక్కదనం ఫిల్టరులోనే తేలాలి

కాఫీ పలచబడిందంటే చాలామంది చేసే పని గ్లాసులో ఇంకాస్త డికాషన్ వంచడం. అప్పుడు రంగు వస్తుంది, చేదూ వస్తుంది, చిక్కదనం మాత్రం రాదు. పలుచని డికాషన్ ఎంత ఎక్కువ పోస్తే పాలు అంత నీళ్లవుతాయి, కాఫీ చల్లారిపోతుంది కూడా. చిక్కని కాఫీ కావాలంటే ఫిల్టరులో పోసే నీళ్లు తగ్గించుకోవాలి.

ఇద్దరికి పొద్దుటి కాఫీ లెక్క చూద్దాం. ఫిల్టరు పై గిన్నెలో సుమారు 20 గ్రాముల పొడి, అంటే గోపురంగా తీసిన మూడు పెద్ద చెంచాలు వేయాలి. గిన్నెను తట్టి పొడిని సమంగా పరిచి, కాడ ఉన్న చిల్లుల బిళ్లను దానిమీద ఆనీ ఆనకుండా పెట్టాలి. నీళ్లు 130 మిల్లీలీటర్లు చాలు. అవి తెర్లాక పొయ్యి కట్టేసి, పావు నిమిషం ఆగి, పొడి తడిసే మేరకు కొంచెం పోయాలి. తడిసిన పొడి ఉబ్బి దగ్గర పడుతుంది. అర నిమిషం తర్వాత మిగతా నీళ్లు మెల్లగా పోసి మూత పెట్టేయాలి. పొడి తన బరువుకు దాదాపు రెండింతల నీళ్లు తనలోనే ఉంచుకుంటుంది కాబట్టి కిందికి దిగేది 90 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. గ్లాసుకు 45 డికాషన్, 110 పాలు. ఇద్దరికీ సరిపోయింది.

ఆ డికాషన్ దిగడానికి పదిహేను, ఇరవై నిమిషాలు పట్టాలి. ఐదు నిమిషాల్లో దిగిపోతే పొడి బరకగా ఉన్నట్టు, లేదా సమంగా పరచనట్టు. నీళ్లు పొడి మధ్య దారి చేసుకుని, రుచి పట్టకుండానే జారిపోయాయన్నమాట. అరగంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా బిళ్లను గట్టిగా నొక్కారు, లేదా చికోరీ ఎక్కువ. కొన్నిసార్లు దోషం గాలిది. రెండు గిన్నెలూ బిగుతుగా అతుక్కుంటే కింది గిన్నెలో గాలి బయటికి పోలేక చుక్క ఆగిపోతుంది. పై గిన్నెను కాస్త ఎత్తి పెడితే మళ్లీ మొదలవుతుంది. చిల్లులు పూడినా ఇంతే. కడిగిన ఫిల్టరును వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పూడిన చిల్లులు ఇట్టే తెలిసిపోతాయి.

చికోరీ అంటే వేయించి పొడిచేసిన ఒక వేరు. అందులో కెఫీన్ ఉండదు. నీళ్లలో కాఫీ కంటే ఎక్కువగా కరుగుతుంది కనుక డికాషన్‌కు నలుపునూ జిగినీ ఇస్తుంది. నూటికి ఇరవై పాళ్ల వరకు పాలలో బాగానే కలిసిపోతుంది. అంతకు మించితే కాఫీ వాసన వెనక్కిపోయి, మాడిన బెల్లం లాంటి రుచి ముందుకొస్తుంది. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. పొట్లం మీద ఆ పాళ్లు రాసి ఉంటాయి, కొనేముందు చూసుకోవాలి.

ఇక నీళ్లు. బోరు నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువైతే కాఫీలోని సన్నని పులుపు చచ్చిపోయి రుచి చప్పబడుతుంది. అరకు కాఫీలాంటి అరబికా పొడి వాడేవాళ్లకు ఈ తేడా తొందరగా తెలుస్తుంది, ఎందుకంటే దాని అందమంతా ఆ పులుపులోనే ఉంది. లవణాలన్నీ తీసేసిన నీళ్లతోనూ డికాషన్ బోలుగా ఉంటుంది. తాగితే తియ్యగా ఉండే మంచినీళ్లే మేలు. ఒకసారి కాచి చల్లారినవి కాక, అప్పుడే పట్టినవి పెట్టుకోవాలి.

పాలు డికాషన్ దిగే వేళకు పొయ్యి మీదికి ఎక్కాలి. ఒక్క పొంగు రాగానే దించేయాలి. పదేపదే కాగిన పాలకు ఉడుకు వాసన పడుతుంది, మీగడ తెట్టెలు గ్లాసులోకి వస్తాయి. చిక్కని పాలైతే కొవ్వు చేదును మెత్తబరుస్తుంది. పలుచని పాలు వాడితే డికాషన్‌ను కాస్త తగ్గించుకోవాలి. విరగడానికి సిద్ధంగా ఉన్న పాలు డికాషన్ పులుపు తగలగానే విరిగిపోతాయి, అప్పుడు తప్పు డికాషన్ మీద వేయకూడదు. చక్కెర ముందు, డికాషన్ తర్వాత, వేడి పాలు చివర. డబరాలోకి రెండుసార్లు తిరగబోస్తే చక్కెర కరుగుతుంది, నురుగు వస్తుంది, నోటికి పట్టే వేడికి దిగుతుంది.

దిగిన డికాషన్‌ను మాత్రం మరిగించకూడదు. వాసన ఆవిరితో పోయి చేదు మిగులుతుంది. చల్లారితే గిన్నెను వేడినీళ్లలో కాసేపు నిలబెట్టాలి. మిగిలింది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే సాయంత్రానికి పనికొస్తుంది, మర్నాటికి కాదు. అదే పొడిమీద మళ్లీ నీళ్లు పోసి తీసే రెండో డికాషన్‌లో వాసన ఉండదు, చేదే ఉంటుంది. దాన్ని మొదటిదాంట్లో కలిపితే రెండూ పాడవుతాయి. చుట్టాలొస్తే నీళ్లు మాత్రమే పెంచకుండా, పొడినీ అదే లెక్కన పెంచుకోవడమే దారి.