బొమ్మ ఆగిన చోటు నుంచి

మెహదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్లు సాగిన పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఆరాంఘర్ దగ్గర నేలకు దిగుతుంది. పాలమూరు వైపు వెళ్లేవాళ్లు అక్కడ సంచులతో బస్సు కోసం నిలబడతారు. అలాంటి చోట ఒక పిల్లర్ మీద బతుకమ్మ బొమ్మ ఉందనుకుందాం. దాని మీద కవిత రాయమంటే చాలామంది ఎర్రచీరలు, పసుపు తంగేడు, తెల్ల గునుగు, చప్పట్లు అని మొదలుపెడతారు. బొమ్మ చూసినవాళ్లకు అది తెలిసిందే. చూడనివాళ్లకేమో ఆ జాబితాతో బొమ్మ కళ్లకు కట్టదు.

జాబితా లేకుండా ఎలా రాయొచ్చో ఒక ఉదాహరణ చూద్దాం. బ్రూగెల్ పేరున ఉన్న ఇకారస్ చిత్రంలో సముద్రంలో పడిన కుర్రవాడి కాళ్లు మాత్రమే ఒక మూల కనిపిస్తాయి. 1938లో దాని మీద కవిత రాసిన ఆడెన్, ముందు మనుషుల బాధ గురించి తన ఆలోచన చెప్పి, చిత్రం దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. వచ్చాక కూడా ఆయన చూపు దున్నుతున్న రైతు మీద, ఆగకుండా సాగిపోయే ఓడ మీద నిలుస్తుంది. ఒకరి ప్రాణం పోతున్నా పక్కవాళ్ల పని ఆగదన్నది ఆయనకు దొరికిన మాట. ఆ మాటకు పనికొచ్చినంత బొమ్మనే వాడుకున్నాడు.

మన పిల్లర్ దగ్గరా అదే చేయాలి. ముందు బొమ్మలో ఏముందో, గోడ మీద చిత్రకారుడు గీయనిది ఏముందో విడివిడిగా రాసుకోవాలి: దుమ్ము, చిరిగిన పోస్టర్, ఎదురుగా నిలబడ్డ మనిషి. తర్వాత ఈ బొమ్మ చేయలేనిదేమిటో వెతకాలి. బొమ్మలో కాలం కదలదు. ఊళ్లో సద్దుల బతుకమ్మ రోజు నీళ్లలో కలిసే పూలు ఇక్కడ ఏడాదంతా ఎండలోనే ఉంటాయి. కవితకు దారి అక్కడ తెరుచుకుంటుంది. ఇక ఎవరు మాట్లాడాలో తేల్చుకోవాలి. బస్సు కోసం చూసే మనిషే మాట్లాడితే ఇలా వస్తుంది:

ఆరాంఘర్ పిల్లర్ మీది బతుకమ్మకు

తొమ్మిది రోజులు దాటినా
నిన్ను నీళ్లకు పంపేవాళ్లు లేరు.
పాలమూరు బస్సు వచ్చేదాకా
నేనూ ఇక్కడే.
చెరువు ఉన్న ఊరికే కదా
సాగనంపడం తెలిసేది.

ఇందులో రంగు లేదు, చీర లేదు. బొమ్మ పేరును శీర్షికే మోస్తోంది. అది తీసేస్తే పాఠకుడు దారి తప్పుతాడు, కవితలోకి తెస్తే పంక్తులు బరువెక్కుతాయి.

రాసిన తర్వాత రెండు పరీక్షలు పెట్టాలి. బొమ్మ పక్కన లేకుండా చదివితే కవిత నిలబడుతుందా? నిలబడకపోతే అది బొమ్మ కింద రాసిన వివరణే. మరో గోడ మీది బతుకమ్మకు అతికిస్తే అలాగే సరిపోతుందా? సరిపోతే మనం ఈ గోడను చూడలేదన్నమాట. మొదటిదాంట్లో తప్పితే వర్ణన తగ్గించాలి, రెండోదాంట్లో తప్పితే మళ్లీ గోడ దగ్గరికి వెళ్లాలి. మ్యూజియంలో చిత్రాన్ని భద్రంగా దాస్తారు. పిల్లర్ మీద బొమ్మకు ఎప్పుడైనా సున్నం పడొచ్చు. అందుకే వీధిబొమ్మ మీద రాసే కవితకు మొదటి పరీక్ష మరీ ముఖ్యం.