మెట్టు ఎక్కే ముందు: ప్రాథమిక తరగతుల్లో భాషామార్పిడి, అబూధాబీ అనుభవం

2010 సెప్టెంబరులో అబూధాబీ విద్యామండలి తన ప్రభుత్వ పాఠశాలల్లో ‘నూతన పాఠశాల నమూనా’ అనే పథకాన్ని ప్రారంభించింది. శిశుతరగతుల నుండి 3వ తరగతి వరకు ఒకేసారి అమలులోకి వచ్చిన ఈ పథకం ప్రకారం ఇంగ్లీషుతో పాటు గణితం, విజ్ఞానశాస్త్రం కూడా ఇంగ్లీషులోనే బోధించవలసి ఉండేది. అరబ్బీ భాష, మతవిద్య, సాంఘికశాస్త్రం అరబ్బీలో సాగేవి. శిశుతరగతి గదిలో అరబ్బీ ఉపాధ్యాయిని ఒకరు, ఇంగ్లీషు ఉపాధ్యాయిని ఒకరు కలిసి పనిచేసేవారు. ఆ ఇంగ్లీషు ఉపాధ్యాయినులలో ఎక్కువమందిని ఇంగ్లీషు మాతృభాషగా గల దేశాల నుండి రప్పించారు. తరువాతి సంవత్సరాలలో పథకం పై తరగతులకు పాకింది.

ఇలాంటి పథకాలను గురించి రాసేవారు ‘క్రమంగా’ అనే మాటను రెండు అర్థాలలో వాడుతుంటారు. ఒకటి పరిపాలకుడి అర్థం: ఈ ఏడు ఇన్ని తరగతులు, వచ్చే ఏడు మరొక తరగతి. రెండవది పిల్లవాడి అర్థం: తనకు తెలిసిన భాషలో మొదలుపెట్టి, కాళ్ళు నిలదొక్కుకున్నాక, ఒక్కొక్క పాఠ్యాంశంతో రెండవ భాషలోకి నడవడం. అబూధాబీలో మొదటి అర్థంలో మాత్రమే మార్పు క్రమంగా జరిగింది. గణితం విషయంలో పిల్లవాడు బడిలో అడుగుపెట్టిన నాడే దాటవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఇచ్చిన 81వ నంబరు ఉత్తర్వు తీరూ ఇదే. 2020-21 నుండి 1 మొదలు 8వ తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమమని మొదట ప్రకటించి, కొద్దిరోజులకే 85వ ఉత్తర్వుతో దానిని 6వ తరగతి వరకు కుదించారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు రెండింటినీ కొట్టివేసింది. వాదప్రతివాదాలన్నీ ఏ తరగతికి ఎప్పుడు అన్న లెక్క చుట్టూ తిరిగాయి. ఏ పిల్లవాడు ఏది చేయగలిగినప్పుడు అన్న ప్రశ్నకు వాటిలో దక్కిన చోటు చాలా తక్కువ.

అబూధాబీ బడిలో మాతృభాషాదశ అన్నది కూడా పేరుకు మాత్రమే మాతృభాషాదశ. ఇంట్లో పిల్లవాడు మాట్లాడేది గల్ఫు మాండలికం. పుస్తకంలో ఉండేది ప్రామాణిక అరబ్బీ. వీటి మధ్య పదజాలంలోనూ, క్రియారూపాలలోనూ, కొన్ని ధ్వనులలోనూ తేడా ఉంది. గిడుగు రామమూర్తి వందేళ్ళ కిందట తెలుగు పాఠ్యగ్రంథాలను గురించి లేవనెత్తిన చిక్కు ఇలాంటిదే కనుక తెలుగు పాఠకుడికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. అంటే ఆ పిల్లవాడు ఇంటిభాష నుండి పుస్తకపు అరబ్బీకి ఒక దాటు, అక్కడి నుండి ఇంగ్లీషుకు మరొక దాటు ఒకే ఏడాదిలో వేయాలి. అదే దేశంలో భారతీయ పాఠశాలలకు వెళ్ళే తెలుగు పిల్లల సంగతి ఇంకా విచిత్రం. అక్కడ బోధన తొలినుండీ ఇంగ్లీషే. దేశ నియమం ప్రకారం అరబ్బీ నేర్వాలి, సాధారణంగా హిందీ కూడా ఉంటుంది. మూడు లిపులు వస్తాయి, ఇంటిభాష లిపి మాత్రం చాలామందికి రాదు. వారి విషయంలో దాటడానికి ముందరి గట్టే లేదు.

రెండు భాషల మధ్య తేడా బోధనలో ఎక్కడ అడ్డుపడుతుందో చూపడానికి చిన్న ఉదాహరణ చాలు. తెలుగు పిల్లవాడు ‘ఇరవై మూడు’ అంటాడు, ఇంగ్లీషులోనూ పదుల తరువాతే ఒకట్లు. అరబ్బీలో ‘మూడు మరియు ఇరవై’ అంటారు, ఒకట్లు ముందు. ఇంగ్లీషులో చెప్పిన 23ను విని 32 అని రాసిన అరబ్బీ పిల్లవాడికి స్థానవిలువ తెలియదని టీచరు నిర్ణయించవచ్చు. అదే సంఖ్యను అరబ్బీలో చెప్పి రాయిస్తే సరిగా రాయవచ్చు. ఒకే లక్షణం వెనుక రెండు వేర్వేరు కారణాలు, రెండింటికీ వేర్వేరు చికిత్సలు. అరబ్బీ రాని ఉపాధ్యాయినికి ఈ రెండిటినీ విడదీసి చూసే సాధనమే లేదు.

పథకం ఫలించిందా అని అడిగితే అంతర్జాతీయ పఠనపరీక్ష పిర్ల్స్ అంకెలను చూపడం పరిపాటి. 4వ తరగతి పిల్లల పఠనసామర్థ్యాన్ని అయిదేళ్ళకొకసారి కొలిచే ఈ పరీక్షలో కొలబద్ద మధ్యబిందువు 500. 2011లో అబూధాబీ సగటు 424, 2016లో 414. శిశుతరగతి మొదటి ఏడాదిలో 2010 సెప్టెంబరున చేరినవారే 2016 నాటికి 4వ తరగతిలో ఉన్నారు కనుక పథకాన్ని అట్టడుగు నుండి అనుభవించిన మొదటి బృందం వీరేనని, ఫలితం ఇదేనని తేల్చేయాలని అనిపిస్తుంది. అది తొందరపాటు. ఆ సగటులో ప్రభుత్వ బడులతో పాటు ప్రైవేటు బడులూ ఉన్నాయి. పరీక్ష కొన్నిచోట్ల అరబ్బీలో, కొన్నిచోట్ల ఇంగ్లీషులో జరిగింది. అదే 2016లో దుబాయి సగటు 515, కానీ అక్కడ ఇంగ్లీషు మాధ్యమ ప్రైవేటు బడులలో చదివే ప్రవాసుల పిల్లలు అత్యధికులు. ఈ అంకెలు పథకాన్ని ఖండించవు, సమర్థించవు. అసలు లోపం మరొకచోట ఉంది. ఆరేళ్ళ తరువాత బయటివారు పెట్టిన పరీక్ష వైపు చూడవలసి వచ్చిందంటే, భాష మార్చాలా ఆగాలా అని దారిలో తేల్చే మజిలీ పథకంలో లేదన్నమాట.

మదింపు మజిలీ అనిపించుకోవాలంటే పరీక్ష పెడితే చాలదు. ఏమి కొలుస్తారో, ఎంత వస్తే చాలో, రాకపోతే ఏమి మారుతుందో ముందే రాసి ఉండాలి. మూడవది లేనప్పుడు మొదటి రెండూ రికార్డు పుస్తకానికే పరిమితమవుతాయి. పైగా కొలత రెండు భాషలలోనూ జరగాలి. 3వ తరగతి మధ్యలో, అంటే గణితాన్ని ఇంగ్లీషులోకి మార్చే ముందు, ఇవ్వదగిన ఒక లెక్కను తీసుకుందాం. ‘బుట్టలో 42 ఖర్జూరాలు ఉన్నాయి. 15 పక్కింటికి ఇచ్చి, మిగిలినవి 3 డబ్బాలలో సమానంగా సర్దారు. ఒక్కొక్క డబ్బాలో ఎన్ని?’ జవాబు 9. ఇదే నమూనాలో అంకెలు మార్చిన నాలుగు లెక్కలు సిద్ధం చేసి, ఒకటి మాతృభాషలో చదివి వినిపించాలి, ఒకటి పిల్లవాడే మాతృభాషలో చదవాలి, మూడవది ఇంగ్లీషులో వినిపించాలి, నాలుగవది పిల్లవాడే ఇంగ్లీషులో చదవాలి.

ఫలితాన్ని ఇలా చదువుకోవాలి. మాతృభాషలో విన్నా చేయలేకపోతే లోపం గణితంలో ఉంది. భాష మార్చినా మార్చకపోయినా ముందు తీసివేత, పంపకం మళ్ళీ నేర్పాలి. విని చేయగలిగి, మాతృభాషలో చదివి చేయలేకపోతే లోపం పఠనంలో ఉంది. ఈ పిల్లవాడిని ఇంగ్లీషులోకి దాటిస్తే రెండు భాషలలోనూ చదవలేనివాడవుతాడు. మాతృభాషలో రెండు విధాలా చేసి ఇంగ్లీషులో విన్నప్పుడు తడబడితే, ‘మిగిలినవి’, ‘సమానంగా’, ‘ఒక్కొక్క’ అన్న మాటలకు ఇంగ్లీషు సమానాలు ఇంకా చెవికి పట్టలేదని అర్థం. కొద్దివారాల మౌఖిక సాధనతో ఇది తీరుతుంది. ఇంగ్లీషులో విని చేసి చదవలేకపోతే మార్పు మొదలుపెట్టవచ్చు, కానీ రాతపరీక్ష మాత్రం ఇంకా మాతృభాషలోనే ఉండాలి. ఇంగ్లీషులో మాత్రమే పెట్టే పరీక్షలో ఈ నలుగురూ ఒకే సున్నాతో కనిపిస్తారు.

ఈ మజిలీకి ముందువెనుకల మెట్లు ఎలా ఉండాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. 1వ తరగతిలో చదువు, రాత, లెక్క అన్నీ మాతృభాషలో సాగాలి. ఇంగ్లీషు రోజుకు అరగంట, వినడానికీ మాట్లాడడానికీ మాత్రమే. ఏడాది చివర మజిలీ: ముందెన్నడూ చూడని చిన్నవాక్యాలను మాతృభాషలో చదివి అర్థం చెప్పగలగడం, ఇంగ్లీషులో రెండంచెల ఆదేశాన్ని విని చేయగలగడం. 2వ తరగతిలో ఇంగ్లీషు అక్షరాలు, వాటి ధ్వనులు మొదలవుతాయి. సంఖ్యల పేర్లు రెండు భాషలలోనూ వస్తాయి. ఆటలు, బొమ్మలు గీయడం వంటివి ఇంగ్లీషులోకి మారవచ్చు. అక్కడ మాట అర్థం కాకపోయినా చేసి చూపేది కంటికి కనబడుతుంది. గణితం 3వ తరగతి మజిలీ తరువాతే. పరిసరాల విజ్ఞానం అన్నింటికన్నా చివర, 4వ తరగతిలో. సాంకేతిక పదాలు అంతర్జాతీయమైనవి కనుక విజ్ఞానశాస్త్రాన్నే మొదట మార్చాలని చాలా పథకాలు భావిస్తాయి. చిన్నతరగతుల్లో విజ్ఞానశాస్త్రం సాంకేతిక పదాలతో నడవదు. ‘ఎందుకలా జరిగిందనుకుంటున్నావు?’ అన్న ప్రశ్నకు పిల్లవాడు తన మాటల్లో ఇచ్చే జవాబుతో నడుస్తుంది. ఆటస్థలంలో పనికొచ్చే భాష రెండేళ్ళలో వచ్చినా, ఇలా కారణాలు చెప్పే భాషకు అయిదు నుండి ఏడేళ్ళు పట్టవచ్చని జిమ్ కమిన్స్ చేసిన విభజన ఇక్కడ గుర్తుంచుకోదగినది.

పఠనాన్ని నిమిషానికి ఇన్ని పదాలని కొలవడంలో ఒక చిక్కు ఉంది. భారతప్రభుత్వపు నిపుణ్ భారత్ పథకం 3వ తరగతికి నిమిషానికి 60 పదాలను అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. ‘వెళ్ళాలనుకుంటున్నాడు’ అన్న ఒక్క తెలుగు పదం ఇంగ్లీషులో నాలుగు పదాలవుతుంది. రెండు భాషలకూ ఒకే గీత గీస్తే తెలుగు బాగా చదివే పిల్లవాడు వెనుకబడినట్టు కనిపిస్తాడు. పైగా గుణింతాలు, ఒత్తులు కలుపుకొని మన లిపిలో నేర్వవలసిన రూపాలు వందల్లో ఉంటాయి. ఇలాంటి లిపే ఉన్న కన్నడంలో అక్షరజ్ఞానం 4వ తరగతి వరకు పెరుగుతూనే ఉంటుందని సోనాలీ నాగ్ పరిశోధనలు చూపాయి. 1వ తరగతి ముగిసేసరికి మాతృభాషలో చదువు వచ్చేసిందని భావించి భాష మార్చే పథకం ఇంకా నేర్పడం పూర్తికాని లిపిని వదిలిపెట్టి పోతుంది.

ఉపాధ్యాయుడి విషయంలో అబూధాబీ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఎదురెదురు దిక్కుల నుండి ఒకే గోతిలోకి వచ్చాయి. అక్కడ గణితం చెప్పేవారికి ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, పిల్లవాడి భాష రాదు. కనుక ఆగి మాతృభాషలో మళ్ళీ చెప్పాలని మదింపు చెప్పినా వారు చెప్పలేరు. ఇక్కడ పిల్లవాడి భాష వచ్చిన ఉపాధ్యాయుడికి ఇంగ్లీషులో పాఠం మొత్తం నడపడం కష్టం. తరగతిగది సహజంగానే తెలుగులో నడుస్తుంది, పరీక్ష మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. మొదటిచోట దాటును ఆపే చెయ్యి లేదు, రెండవచోట దాటించే చెయ్యి బలహీనం. రెండు భాషలూ వచ్చిన ఉపాధ్యాయుడు ఉన్న బడి నుండి మొదలుపెట్టి, అలాంటివారు లభించిన మేరకే విస్తరించడం ఒక్కటే దీనికి దారి. క్యాలెండరు చూసి తేదీ ప్రకటించడం ఇందుకు పూర్తిగా విరుద్ధం.

మలేషియా 2003లో గణితం, విజ్ఞానశాస్త్రాలను ఇంగ్లీషులోకి మార్చి, 2009లో ఆ విధానాన్ని ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. మజిలీలు లేని ప్రణాళికకు వెనుదిరగడమంటే ఇలా దేశమంతా ఒక్కసారిగా తిరగడమే. మజిలీలు ఉంటే, ఆగవలసినది ఫలానా బడిలో ఫలానా తరగతి మాత్రమే. అందుకు కావలసిన పరికరంలో సగం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే అచ్చయి ఉంది. ఎడమపేజీ ఒక భాషలో, కుడిపేజీ మరొక భాషలో ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు 2020-21 నుండి అక్కడి ప్రభుత్వ బడులకు వచ్చాయి. పైన చెప్పిన నాలుగు విధాల లెక్కకు ఒకే పుస్తకంలోని ఎదురెదురు పేజీలు చాలు. ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు పట్టినా, ముప్ఫైమంది ఉన్న తరగతికి రోజుకు గంట చొప్పున అయిదురోజులు.