అడ్డంగా పుట్టే మిల్లీవోల్టు

తిరువళ్లూరు, తిరుత్తణి వైపు తెలుగిళ్ల పిల్లలు ఫిజిక్సు చదువుకుంటే, ఏదో ఒక ఏడు హాల్ ఎఫెక్ట్ బల్ల ముందుకి రాక తప్పదు. విద్యుదయస్కాంతం రెండు ధ్రువాల నడుమ వేలిగోరంత జెర్మేనియం ముక్క ఉంటుంది. పొడవునా కరెంటు పంపడానికి రెండు తీగలు, అడ్డంగా వోల్టేజి చూడటానికి మరో రెండు. ఈ ముక్క దగ్గర చేయి తిరిగినవాళ్లు పని చేస్తుంటే చూడటం నాకు కచేరీ విన్నంత సుఖం.

ఎడ్విన్ హాల్ అనే అమెరికన్ విద్యార్థి 1879లో ఈ ఎఫెక్ట్‌ను కనిపెట్టాడు. అయస్కాంతం తోసేది తీగనే కాని అందులోని కరెంటును కాదని మాక్స్‌వెల్ అంతటివాడు రాశాడు. హాల్ నమ్మలేదు. గాజుపలక మీద బంగారు రేకు అతికించి పట్టుకున్నాడు. రేకే ఎందుకంటే, లోహాల్లో వాహకాలు కిక్కిరిసి ఉంటాయి కాబట్టి అడ్డ వోల్టేజి చాలా తక్కువ; పట్టీ ఎంత పలచనైతే అది అంత పెరుగుతుంది. మన బల్ల మీది కరెంటుకూ క్షేత్రానికీ పదో వంతు మిల్లీమీటరు మందం రాగి పట్టీలో వోల్టులో వంద కోట్ల వంతు కూడా రాదు. ఆ రోజుల గాల్వనామీటరుతో అలాంటి జాడను పసిగట్టిన చేతికి దండం పెట్టాలి.

జరిగేది ఇది. కదిలే ఆవేశాలను అయస్కాంతక్షేత్రం ఒక పక్కకు నెడుతుంది. అవి ఆ అంచున పోగవుతాయి. పోగైనవి తర్వాత వచ్చేవాటిని వెనక్కి నెడతాయి. రెండు బలాలూ సరితూగిన చోట మీటరులో ముల్లు నిలుస్తుంది. కరెంటు దిశ ఒకటే అయితే ఎలక్ట్రాన్లయినా హోల్సయినా ఒకే అంచుకు చేరతాయి. కనుక వోల్టేజి గుర్తు చూసి, లోపల పరిగెత్తేది ఏదో చెప్పేయవచ్చు. ఎందరున్నారో చెప్పేది ఈ సూత్రం:

n = IB/(e t V)

ఒక లెక్క చూడండి. ముక్క మందం అర మిల్లీమీటరు, కరెంటు 5 మిల్లీఆంపియర్లు, క్షేత్రం 0.2 టెస్లా. మీటరు 16.5 మిల్లీవోల్టులు చూపింది. తొందరపడేవాడు దాన్నే సూత్రంలో పడేస్తాడు. నేర్పున్నవాడు అక్కడ ఆగుతాడు. క్షేత్రాన్ని తిరగేస్తాడు. ఇప్పుడు రీడింగు మైనస్ 8.5. రెండింటి తేడాలో సగం, అంటే 12.5, అసలు హాల్ వోల్టేజి. వాటి మొత్తంలో సగం, అంటే 4, దొంగ వోల్టేజి. క్షేత్రం లేకపోయినా అది ఉంటుంది.

ఎక్కడిదది? అడ్డ తీగలు రెండూ సరిగ్గా ఎదురెదురుగా అతకలేదు. ముక్క వెడల్పు 4 మిల్లీమీటర్లయితే, ఇలాంటి జెర్మేనియంలో పొడవునా మిల్లీమీటరుకు దాదాపు 40 మిల్లీవోల్టులు పడిపోతాయి. అంటే తీగల మధ్య తేడా మిల్లీమీటరులో పదో వంతు, ఒక వెంట్రుక మందం. కంటికి ఆనని ఆ వంకరను రెండు రీడింగులు బయటపెట్టి, లెక్కలోంచి తొలగించాయి! ఆ దొంగ వోల్టేజిలో అతుకుల దగ్గర వేడి తేడాతో పుట్టే భాగాన్ని విడదీయాలంటే కరెంటునూ తిరగేయాలి. అలా మొత్తం నాలుగు రీడింగులు.

12.5తో లెక్కిస్తే ఘనసెంటీమీటరుకు 10^15 వాహకాలు. 16.5తో చేస్తే దాదాపు పాతిక వంతు తక్కువ వస్తుంది. అదే ఘనసెంటీమీటరులో జెర్మేనియం పరమాణువులు 4.4×10^22. అంటే నాలుగు కోట్ల పైచిలుకు పరమాణువులకు ఒక్క వాహకం! కొన్ని మిల్లీవోల్టులు ఆ ఒక్కదాన్ని లెక్కపెట్టాయి. వాహకాలు ఢీకొనే తీరును బట్టి ఈ సంఖ్యలో 15, 20 శాతం తేడా ఉండవచ్చన్నది మాత్రం ఎరిగి చెప్పాలి.

ఇక నా కడుపుమంట. ఇప్పుడు చాలా రికార్డుల్లో రీడింగులన్నీ సున్నా నుంచి ముక్కుసూటిగా లేచే గీత మీదే ఉంటాయి. క్షేత్రం లేనప్పుడు మీటరు ఎంత చూపిందో ఎక్కడా ఉండదు. నిజమైన ముక్కకు దొంగ వోల్టేజి ఎంతోకొంత ఉండి తీరుతుంది. అది లేని రికార్డు సీనియర్ల నోటుపుస్తకం నుంచో, కంప్యూటర్ బొమ్మ నుంచో దిగినదే. ఆ బొమ్మలో తీగ వంకరగా అతకదు, ముక్క వేడెక్కదు, కరెంటు ఆపిన అయస్కాంతంలో క్షేత్రం కొంత మిగిలిపోదు. నేర్పు పుట్టేదే వాటి దగ్గర. నేను ముమ్మాటికీ జెర్మేనియం ముక్క పక్షమే.

మాస్టార్లకు నా విన్నపం ఒకటే. మార్కు తుది జవాబుకు వేయకండి. క్షేత్రం అటూ ఇటూ, కరెంటు అటూ ఇటూ తిప్పిన నాలుగు రీడింగులు, వాటితో పాటు సున్నా క్షేత్రంలో చూపిన దొంగ వోల్టేజి, అది ఎంత వంకరకు సమానమో చెప్పే లెక్క అడగండి. ఆ లెక్క చేయగల పిల్లవాడు ముక్కను నిజంగా ముట్టుకున్నవాడు.